వినియోగదారుడి మాట చెడకుండా దిద్దడం

వినియోగదారుడి అభిప్రాయాన్ని ప్రకటనలో వేసేముందు అక్షరదోషాలు, ఒకే మాట మళ్లీ రావడం, వాక్యాలు అతుక్కుపోవడం వంటివి సరిచేయవచ్చు. మెప్పు మోతాదు, అంకెలు, షరతులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉండాలి.

ఒక పచ్చళ్ల దుకాణానికి ఇలాంటి సందేశం వచ్చిందనుకుందాం: “ఆవకాయ బాగుందండి మా అత్తగారికి కూడా నచ్చింది బాగుంది అన్నారు ఉప్పు కాస్త ఎక్కువైంది గానీ మళ్లీ తెప్పించుకుంటాం”. దిద్దాక ఇలా ఉంటుంది: “ఆవకాయ బాగుందండి. మా అత్తగారికి కూడా నచ్చింది. ఉప్పు కాస్త ఎక్కువైంది గానీ, మళ్లీ తెప్పించుకుంటాం.” పోయింది పునరుక్తి ఒక్కటే. ‘అండి’, ‘గానీ’ అలాగే ఉన్నాయి, ఎందుకంటే మాట్లాడే మనిషి అందులోనే వినిపిస్తారు. దాన్ని “అత్యుత్తమ నాణ్యత గల ఆవకాయ” అని మారిస్తే అది దుకాణం మాటే అవుతుంది.

ఉప్పు సంగతి తీసేస్తే ప్రతి పదమూ నిజమే అయినా మొత్తం అభిప్రాయం మారిపోతుంది. ‘బాగుంది’ని ‘అద్భుతం’ చేసినా అంతే. స్థలం చాలక కొంత వదిలేస్తే, ఆ చోట చుక్కలు పెట్టాలి. వదిలిన భాగం అర్థాన్ని మార్చకూడదు.

దిద్దిన పాఠాన్ని రాసినవారికి పంపి, ప్రచురణకు రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకుని, అసలు సందేశంతో కలిపి దాచాలి. ప్రకటనల్లో వచ్చే సమర్థనలు నిజమైన, ఇటీవలి అభిప్రాయాన్నే చూపాలని భారత ప్రభుత్వ 2022 మార్గదర్శకాలు చెబుతున్నాయి. అందుకే పాత మెప్పును వాడేముందు, ఇప్పటికీ అదే అభిప్రాయమా అని అడగాలి.