రొయ్య, వరి, ఐగెన్ విలువ: బోగోలు నేపథ్యంలో ఉత్పాదక–ఉత్పత్తి నమూనా, ఉత్పత్తి నిలకడ షరతు

వ్యాససంగ్రహం:

ఒక ఆర్థిక వ్యవస్థ తన ఉత్పత్తిలో కొంత భాగాన్ని తిరిగి ఉత్పత్తికే వినియోగిస్తుంది. అలా వినియోగించగా మిగులు ఉంటుందా లేదా అన్న ప్రశ్నకు ఉత్పాదక–ఉత్పత్తి మాత్రిక గరిష్ఠ ఐగెన్ విలువ సమాధానమిస్తుంది. నెల్లూరు తీరంలోని బోగోలు మండలాన్ని నేపథ్యంగా తీసుకొని, వరి, రొయ్య అనే రెండు రంగాల నమూనా ద్వారా ఈ షరతును వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఉత్పాదక–ఉత్పత్తి నమూనా, ఐగెన్ విలువ, హాకిన్స్–సైమన్ షరతు, రొయ్యల సాగు, బోగోలు.

1. ఉపోద్ఘాతం:

బోగోలు మండలంలో బిట్రగుంట రైల్వే కేంద్రంగా పేరు పొందింది. అదే మండలంలోని జువ్వలదిన్నె సముద్రతీరాన ఉన్న మత్స్యకార గ్రామం. నెల్లూరు తీరంలోని అనేక మండలాల్లో వలెనే ఇక్కడ కూడా వరిపొలాలు, రొయ్యల గుంటలు పక్కపక్కనే కనిపిస్తాయి. 1994–95లో తెల్లమచ్చ వైరస్ వ్యాధి ఈ తీరంలోని టైగర్ రొయ్యల సాగును తీవ్రంగా దెబ్బతీసింది. 2009లో వెనామీ రొయ్య సాగుకు అనుమతి లభించిన తరువాత గుంటల సాగు మళ్లీ విస్తరించింది. వ్యాధి వల్ల దిగుబడి ఎంత తగ్గితే సాగు తనను తాను నిలుపుకోలేని స్థితికి చేరుతుంది? ఆ హద్దును రొయ్యల లెక్క ఒక్కటే చూసి నిర్ణయించవచ్చా? నిర్ణయించలేమని ఉత్పాదక–ఉత్పత్తి నమూనా చెబుతుంది.

2. నమూనా నిర్మాణం:

వాసిలీ లియోంటీఫ్ 1936లో అమెరికా ఆర్థిక వ్యవస్థకు ఈ పద్ధతిని అన్వయించారు. ఈ కృషికి 1973లో ఆయనకు నోబెల్ పురస్కారం లభించింది. ఒక వస్తువును ఒక యూనిట్ ఉత్పత్తి చేయడానికి ప్రతి వస్తువూ ఎంత అవసరమో తెలిపే సంఖ్యలను గుణకాలు అంటారు. వాటిని నిలువు వరుసలుగా పేర్చితే A అనే మాత్రిక ఏర్పడుతుంది. మొత్తం ఉత్పత్తి x, ఉత్పత్తికి వాడగా మిగలవలసిన నికర పరిమాణం d అయితే, నమూనా మొత్తం ఈ ఒక్క సమీకరణంలో ఇమిడి ఉంటుంది:

x = Ax + d

బోగోలు వంటి తీరమండలంలో రెండే రంగాలున్నాయని ఊహిద్దాం. కింది సంఖ్యలు క్షేత్ర గణాంకాలు కావు, వివరణ కోసం ఎంచుకొన్నవి. ఒక టన్ను ధాన్యం పండించడానికి విత్తనానికీ, కూలీల తిండికీ కలిపి 0.3 టన్నుల ధాన్యం కావాలి. ఎరువులు, డీజిల్ కొనడానికి 0.02 టన్నుల రొయ్యలు అమ్మాలి. ఒక టన్ను రొయ్య పెంచడానికి పనివారి తిండికి 1 టన్ను ధాన్యం అవసరం. మేత, పిల్లలు, ఏరేటర్ల కరెంటు వంటివి కొనడానికి 0.6 టన్నుల రొయ్యలు అమ్మాలి. రొయ్య నేరుగా రొయ్యకు మేత కాకపోయినా, మేతను తెచ్చేది రొయ్యే. అందువల్ల బయటి మార్కెట్‌తో జరిగే మారకాన్ని కూడా ఒక ఉత్పత్తి ప్రక్రియగానే ఇక్కడ లెక్కించాం.

```
            వరి    రొయ్య
ధాన్యం      0.30   1.00
రొయ్య       0.02   0.60
```

మండలానికి నికరంగా 8 టన్నుల ధాన్యం, 2 టన్నుల రొయ్య మిగలాలంటే 20 టన్నుల ధాన్యం, 6 టన్నుల రొయ్య ఉత్పత్తి చేయాలి. 20 టన్నుల ధాన్యంలో వరికి 6, రొయ్యకు 6 పోగా 8 మిగులుతుంది. 6 టన్నుల రొయ్యలో వరికి 0.4, రొయ్యకు 3.6 పోగా 2 మిగులుతుంది.

3. ఐగెన్ విలువ చెప్పేదేమిటి?:

రెండో నిలువు వరుస మొత్తం 1.6. అది ఒకటిని మించింది కనుక రొయ్యల సాగు నష్టమని అనుకోవడం పొరపాటు. ధాన్యం టన్నును, రొయ్య టన్నును కూడడమే అర్థరహితం. ధాన్యాన్ని నెల్లూరు కొలత ప్రకారం 850 కిలోల పుట్లలో లెక్కిస్తే, రొయ్య వరుసలోని 1.00 సుమారు 1.18 అవుతుంది. వరి వరుసలోని 0.02 అప్పుడు 0.017 అవుతుంది. వరుసల మొత్తాలు మారతాయి, సాగు వాస్తవం మాత్రం మారదు. కొలత మారినా మారని సంఖ్య మాత్రిక గరిష్ఠ ఐగెన్ విలువ. పై మాత్రికకు అది సుమారు 0.656.

మూలకాలన్నీ ధనాత్మకమైన మాత్రికకు గరిష్ఠ ఐగెన్ విలువ ధనాత్మకమనీ, దానికి అనుగుణమైన సదిశలోని అంశాలన్నీ ధనాత్మకమనీ పెరాన్ 1907లో నిరూపించారు. 1912లో ఫ్రోబీనియస్ దానిని రుణేతర మాత్రికలకు విస్తరించారు. ఈ సిద్ధాంతానికి ఆర్థికార్థం ఉంది. వస్తువులన్నింటినీ ఒక ప్రత్యేక నిష్పత్తిలో ఉత్పత్తి చేస్తే, ప్రతి వస్తువులోనూ ఒకే వంతు తిరిగి ఉత్పత్తికి పోతుంది. ఆ వంతే λ. అది ఒకటి కంటే తక్కువైతే ప్రతి వస్తువులోనూ మిగులు ఉంటుంది. ఒకటికి సమానమైతే ఉత్పత్తి తనను తాను పునరుత్పత్తి చేసుకోగలదు కాని ఏమీ మిగల్చదు. ఒకటిని మించితే ఏ నిష్పత్తిలో ఉత్పత్తి చేసినా ఏదో ఒక వస్తువు నిల్వ తరుగుతూ పోతుంది.

మరోవైపు నుంచి చూసినా ఇదే తేలుతుంది. d కోసం Ad కావాలి, దాని కోసం A²d కావాలి. ఈ అంచెల మొత్తం పరిమితంగా ఉండాలంటే λ < 1 కావాలి. 1949లో హాకిన్స్, సైమన్ ఇదే షరతును నిర్ధారకాల రూపంలో చెప్పారు: I − A మాత్రిక ప్రధాన లఘునిర్ధారకాలన్నీ ధనాత్మకం కావాలి. మన ఉదాహరణలో 0.7 ధనాత్మకం. 0.7 × 0.4 − 1 × 0.02 = 0.26 కూడా ధనాత్మకమే.

4. వ్యాధి సోకినప్పుడు:

మేత, కరెంటు ఖర్చయిన తరువాత, పట్టుబడికి ముందు వ్యాధి సోకిందనుకొందాం. మామూలు దిగుబడిలో s వంతే చేతికి వస్తుంది. ఉత్పాదకాలు అంతే, ఉత్పత్తి తగ్గింది. కాబట్టి రొయ్య నిలువు వరుసలోని రెండు గుణకాలనూ s తో భాగించాలి.

s = 0.8 అయితే ఆ గుణకాలు 1.25, 0.75 అవుతాయి. అప్పుడు λ సరిగ్గా 0.8. దీనిని చేతిలెక్కతో సరిచూడవచ్చు. 10 టన్నుల ధాన్యం, 4 టన్నుల రొయ్య ఉత్పత్తి చేస్తే, ధాన్యంలో 3 + 5 = 8 టన్నులు, రొయ్యలో 0.2 + 3 = 3.2 టన్నులు తిరిగి ఉత్పత్తికి పోతాయి. రెండింటిలోనూ అయిదింట నాలుగు వంతులు. మునుపటి నికర మిగులే (8, 2) కావాలంటే ఇప్పుడు 30 టన్నుల ధాన్యం, 10.4 టన్నుల రొయ్య ఉత్పత్తి చేయాలి.

s = 0.65కు తగ్గితే λ సుమారు 0.969. అదే మిగులుకు 160 టన్నుల ధాన్యం, 67.6 టన్నుల రొయ్య కావాలి. λ ఒకటిని సమీపిస్తున్నకొద్దీ కొద్దిపాటి మిగులుకోసం భారీ ఉత్పత్తి చేయవలసి వస్తుంది. హద్దు దాటకముందే కనిపించే హెచ్చరిక ఇదే. గుంటల విస్తీర్ణం పెరుగుతున్నా చేతిలో మిగిలేది పెరగదు.

s = 0.62 వద్ద λ సుమారు 1.013. సమీకరణాన్ని సాధిస్తే రెండు రంగాల ఉత్పత్తీ రుణసంఖ్యలుగా వస్తుంది. ఆ జవాబు గణిత దోషం కాదు. అటువంటి ఉత్పత్తి ప్రణాళిక లేదని దాని అర్థం.

5. ఒక రంగం లెక్క ఎందుకు చాలదు?:

రొయ్యల రైతు తన లెక్క మాత్రమే చూసుకొంటే, టన్ను రొయ్యకు 0.6/s టన్నుల రొయ్య ఖర్చవుతుంది. ఇది ఒకటికి లోబడి ఉండాలంటే s 0.60 దాటితే చాలు. కాని పనివారు తినే ధాన్యం కూడా రొయ్య మీదనే ఆధారపడి పండింది. నికరంగా ఒక టన్ను ధాన్యం మిగలాలంటే 1/0.7, అంటే సుమారు 1.43 టన్నులు పండించాలి. దానికి 0.0286 టన్నుల రొయ్య అమ్మాలి. ఈ పరోక్ష వినియోగాన్ని కలిపితే టన్ను రొయ్యకు 0.6286/s టన్నుల రొయ్య అవసరం. కాబట్టి అసలు హద్దు s = 0.6286. 0.60కీ 0.6286కీ మధ్య రొయ్యల లెక్క పుస్తకం లాభం చూపుతుంది, కాని మండలం మొత్తంగా తరిగిపోతూ ఉంటుంది. s = 0.62 ఆ పట్టీలోనిదే.

ధర పడిపోవడాన్ని కూడా ఇలాగే చూడవచ్చు. రొయ్య ధర మునుపటి ధరలో t వంతుకు తగ్గితే, రొయ్య అడ్డు వరుసలోని రెండు గుణకాలనూ t తో భాగించాలి. వ్యాధి నిలువు వరుసను మారుస్తుంది, ధర అడ్డు వరుసను మారుస్తుంది. అయినా ఐగెన్ విలువపై రెండింటి ప్రభావం ఒకటే. రెండూ కలిసి వచ్చినప్పుడు షరతు s × t > 0.6286 అవుతుంది. దిగుబడి అయిదో వంతు తగ్గినా వ్యవస్థ తట్టుకొంటుంది. ధర నాలుగో వంతు పడిపోయినా తట్టుకొంటుంది. రెండూ ఒకే పంటలో జరిగితే 0.8 × 0.75 = 0.60, హద్దు దాటిపోయినట్టే.

వరి తన ఎరువులను ధాన్యం అమ్మే కొనుక్కొంటే స్థితి వేరు. అప్పుడు 0.02 స్థానంలో సున్న వస్తుంది, వరి స్వీయగుణకం పెరుగుతుంది. అది 0.6 అనుకొంటే ఐగెన్ విలువలు 0.6, 0.6/s అవుతాయి. రొయ్య కూలినా వరి నిలుస్తుంది. రంగాలు పరస్పరం ముడిపడినప్పుడే ఒకదాని వ్యాధి రెండోదానికి చేరుతుంది.

6. పరిమితులు:

భారత కేంద్ర గణాంక సంస్థ ప్రచురించిన 2007–08 పట్టికలో 130 రంగాలున్నాయి. అటువంటి పట్టికలు రూపాయల్లో ఉంటాయి. రూపాయల పట్టికలో ప్రతి నిలువు వరుస మొత్తం, ఒకటిలో నుంచి జోడించిన విలువ వంతును తీసివేయగా మిగిలినది. ప్రతి రంగంలోనూ జోడించిన విలువ ధనాత్మకమైతే λ < 1 దానంతటదే సిద్ధిస్తుంది. కనుక ఆ పట్టికలో షరతు నెరవేరిందనడం కొత్త సమాచారం కాదు. పైగా అందులో కూలీల తిండి ఉత్పాదకంగా కాక, వేతనంగా జోడించిన విలువలో చేరుతుంది. సొంత గుంటలో పనిచేసే కుటుంబం శ్రమ మిశ్రమాదాయంలో కలిసిపోతుంది. ఆ కుటుంబం తిండికి కూడా చాలనంత తక్కువ మిగిలినా పట్టిక దానిని మిగులుగానే చూపుతుంది. అందుచేత ఈ పరీక్షకు కిలోల్లో కొలిచిన గుణకాలు, జీవనావశ్యకాలను చేర్చిన మాత్రిక అవసరం.

గుణకాలు స్థిరమన్న ఊహ కూడా ఒక పరిమితి. వ్యాధి తొలివారాల్లోనే సోకితే మేత ఖర్చు మిగులుతుంది కనుక వరుస మొత్తాన్నీ s తో భాగించడం అతిశయోక్తి అవుతుంది. అలాగే బయటి ధాన్యం చౌకగా దొరికితే పద్ధతే మారుతుంది. ఐగెన్ విలువ ఎంచుకొన్న పద్ధతికి మాత్రమే తీర్పు చెబుతుంది.

7. ముగింపు:

ఉత్పత్తి నిలకడ ఏ ఒక్క రంగానికో చెందిన గుణం కాదు, రంగాల మధ్య ఉన్న ముడికి చెందిన గుణం. తీరమండలాలపై పరిశోధన చేసేవారు గుంటకు ఎంత లాభమని అడగడంతో ఆగకుండా, ఆ గుంటలో పనిచేసేవారి తిండి ఎక్కడ పండిందో, దానిని పండించడానికి ఏమి అమ్మారో కూడా కొలవాలి. ఆ రెండు కొలతలు లేకుండా 0.60కీ 0.6286కీ మధ్య ఉన్న అంతరం కనిపించదు.