వయసు చూసి దశ రాస్తే సరిపోదు

వికాస మనోవిజ్ఞానం పాఠంలో పియాజె దగ్గరికి వచ్చేసరికి ఒక ప్రశ్న ఇస్తాం. "మీకు బాగా తెలిసిన ఒక పాపనో బాబునో తీసుకోండి. పియాజె చెప్పిన దశల్లో ఏ దశలో ఉన్నారో ఆధారాలతో రాయండి." డీఎడ్‌, బీఎడ్‌ చదివినవాళ్ళకీ, డిగ్రీలో సైకాలజీ తీసుకున్నవాళ్ళకీ ఇది ఏదో ఒక రూపంలో ఎదురయ్యే ఉంటుంది. చూడ్డానికి తేలిక ప్రశ్న. కానీ దిద్దడానికి కూర్చుంటే ఎక్కువ జవాబులు ఒకే తీరులో ఉంటాయి: "మా అక్క కొడుక్కి ఐదేళ్ళు. పూర్వ ప్రచాలక దశ రెండేళ్ళ నుంచి ఏడేళ్ళ వరకు ఉంటుంది. కాబట్టి వాడు ఆ దశలో ఉన్నాడు." ఆ తర్వాత పుస్తకంలోని లక్షణాలన్నీ వరసగా వచ్చేస్తాయి. అక్క కొడుకు మాత్రం ఆ నాలుగు పేజీల్లో ఎక్కడా నోరు విప్పడు.

ఇక్కడ వయసు నుంచి దశ, దశ నుంచి లక్షణాలు లాగుతున్నారు. పియాజె నడిచిన దారి దీనికి సరిగ్గా ఎదురు. స్విట్జర్లాండ్‌లో 1896లో పుట్టిన ఆయన, 1920 ప్రాంతంలో పారిస్‌లో పిల్లలకు తర్క పరీక్షలు పెట్టే పనిలో ఉన్నాడు. ఏ వయసువాళ్ళు ఎన్ని ఒప్పులు చెప్పారో లెక్కగట్టడం ఆ పని. ఆయన మనసు తప్పుల మీదికి పోయింది. ఒక వయసు పిల్లలు దాదాపు ఒకే రకం తప్పు చేస్తున్నారు, ఎందుకలా అన్నావని అడిగితే దాదాపు ఒకే రకం కారణం చెబుతున్నారు. ఆ కారణాల్లోంచే తర్వాత దశలు పుట్టాయి. ఏడేళ్ళు, పదకొండేళ్ళు అనేవి తాను చూసిన పిల్లల్లో సుమారుగా కనిపించిన వయసులు. ఆయన పట్టుబట్టింది దశలు ఏ వరసలో వస్తాయన్నదాని మీదే గాని, ఫలానా పుట్టినరోజుకు ఫలానా దశ మొదలవుతుందని కాదు.

కాబట్టి ప్రశ్నకు జవాబు రాయాలంటే పిల్లల దగ్గర కూర్చోవాలి. నాలుగు నుంచి ఎనిమిదేళ్ళ మధ్యవాళ్ళయితే అన్నిటికంటే పనికొచ్చేవి పదిలపరచుకునే భావనను పరీక్షించే ప్రయోగాలు. ఒక వస్తువు ఆకారమో అమరికో మారినా దాని పరిమాణం మారదని పిల్లలకు తెలుసా లేదా అన్నది వాటిలో తేలుతుంది. నీళ్ళ ప్రయోగం చాలామందికి తెలిసిందే. ఒకే కొలత ఉన్న రెండు గ్లాసుల్లో నీళ్ళు పోసి, రెండూ సమానమని పాప చేతే ఒప్పించాలి. ఆమెకు ఒక చుక్క తేడా అనిపించినా సరిచేయాలి, ఎందుకంటే ఈ ఒప్పుకోలు లేకపోతే తర్వాతి జవాబుకు అర్థమే ఉండదు. అప్పుడు ఒక గ్లాసులో నీళ్ళు ఆమె చూస్తుండగానే సన్నటి పొడుగు గ్లాసులోకి వంచి, ఇప్పుడూ సమానమేనా, దేంట్లోనైనా ఎక్కువున్నాయా అని అడగాలి. మన ఇళ్ళలో జరిగే ఒక పొరపాటు ఇక్కడే చెప్పాలి. చేతికందిన స్టీలు గ్లాసులు తీసుకుంటారు. లోపలి మట్టం కనపడనప్పుడు పాప దేన్ని చూసి చెబుతుంది? గాజువో పారదర్శకమైన ప్లాస్టిక్‌వో కావాలి.

జవాబు వచ్చాక అడిగే "ఎందుకు?" అన్నదే అసలు పరీక్ష. సమానమే అని ఊరికే అన్న పాపకీ, కారణంతో అన్న పాపకీ మధ్య చాలా దూరం ఉంది. పియాజె చూసిన కారణాలు ముఖ్యంగా మూడు రకాలు. ఏమీ కలపలేదు, ఏమీ తియ్యలేదు అనడం ఒకటి. ఇది పొడుగే గాని సన్నగా ఉంది, అంటే ఒకవైపు పెరిగింది మరోవైపు తగ్గిందనడం రెండోది. తిరిగి పాత గ్లాసులో పోస్తే అంతే ఉంటాయి కాబట్టి ఇప్పుడూ అంతే అనడం మూడోది. కారణం విన్నాక ఒక అడుగు ముందుకేసి, "ఇంకో పాప నువ్వు చెప్పినట్టు కాదంది, ఆమె చెప్పింది తప్పంటావా?" అని ఎదురు మాట పెట్టాలి. గట్టిగా పట్టుబడిన భావనైతే అది ఆ మాటకు చెదరదు.

మా శిక్షణ తరగతిలో ఒకమ్మాయి తన పక్కింటి పాపతో చేసిన పని చూపిస్తాను. పాపకు ఆరేళ్ళ ఎనిమిది నెలలు, ఒకటో తరగతి. ముందు చింతపిక్కలు. ఏడేసి పిక్కలు రెండు వరసలుగా ఎదురెదురు పెట్టి, సమానమని పాప ఒప్పుకున్నాక ఒక వరసను ఎడంగా జరిపింది. పాప తడుముకోలేదు. "సమానమే. నువ్వు దూరం జరిపావంతే, కొత్తవి పెట్టలేదుగా అక్కా!"

తర్వాత నీళ్ళు. "పొడుగు గ్లాసులో ఎక్కువున్నాయి. చూడు, ఎంత పైకొచ్చాయో." వెనక్కి పాత గ్లాసులో పోస్తే ఎలా ఉంటాయని అడిగితే, "అప్పుడు సమానమైపోతాయి" అంది. మరి ఇప్పుడో? "ఇప్పుడు ఇందులోనే ఎక్కువ." ఈ నాలుగు మాటలు నాకు ఎంతో విలువైనవిగా కనిపించాయి. వెనక్కి పోస్తే సమానమవుతాయని చెప్పింది కాబట్టి పాపకు విపర్యయ భావన వచ్చేసిందని చాలామంది రాసేస్తారు. పియాజె ఆ రెంటినీ వేరు చేశాడు. వెనక్కి పోస్తే ఏం జరుగుతుందో అనుభవం వల్ల తెలియడం ఒకటి. ఆ తెలిసినదాన్ని ఆధారం చేసుకుని, కాబట్టి ఇప్పుడు కూడా సమానమే ఉండాలి అని తేల్చుకోవడం మరొకటి. ఈ పాప మొదటిదాని దగ్గర ఉంది. ఎదురు మాటగా "ఇది సన్నగా ఉంది కదా, అందుకే పైకొచ్చాయని ఇంకో పాప అంది" అంటే కాసేపు రెండు గ్లాసుల వంకా చూసి, "అవునేమో" అంది. మళ్ళీ అంతలోనే "కాదు, ఇదే ఎక్కువ" అంది.

చివరికి చపాతీ పిండి. రెండు సమానమైన ఉండల్లో ఒకదాన్ని పాములా సాగదీస్తే "పాముదే ఎక్కువ పిండి" అంది. సరిగ్గా అప్పుడే పక్కనున్న నాయనమ్మ, "సరిగ్గా చూసి చెప్పవే" అని కలగజేసుకుంది. పాప వెంటనే "సమానం" అని మార్చింది. ఎందుకని అడిగితే మాట్లాడలేదు. మా విద్యార్థిని ఆ సంగతి కూడా నోటు పుస్తకంలో రాసి, రెండో జవాబును లెక్కలోకి తీసుకోలేదు. నేను ఆ జవాబు పత్రంలో అన్నిటికంటే మెచ్చుకున్నది ఆ ఒక్క వాక్యాన్నే. పిల్లలు మన గొంతునీ ముఖాన్నీ చదివి జవాబు చెబుతారు. కారణం లేకుండా మారిన జవాబులో ఉన్నది పెద్దవాళ్ళ ఆలోచన.

ఇప్పుడు ఈ పాప ఏ దశలో ఉంది? పిక్కల దగ్గర మూర్త ప్రచాలక దశ పిల్లలా ఆలోచించింది. నీళ్ళ దగ్గర ఊగిసలాడింది. పిండి దగ్గర కంటికి కనిపించినదాన్నే నమ్మింది. ఇందులో వింతేమీ లేదు. సంఖ్య ముందు కుదురుతుందనీ, పదార్థం పరిమాణం ఆ తర్వాతనీ, బరువు మరికొంత కాలానికనీ, ఘనపరిమాణం ఇంకా ఆలస్యంగాననీ పియాజె కూడా గమనించాడు. అందుకే మంచి జవాబు దశ పేరు పాపకు తగిలించదు. ఏ పనిలో ఏ దశ ఆలోచన కనిపించిందో, ఏ మాటల వల్ల అలా అనుకుంటున్నారో చెబుతుంది.

అంతటితో వదిలేస్తే పియాజెను దాటి చూడనట్టే. ఆయన పద్ధతి మీద వచ్చిన విమర్శ కూడా ఈ పాప మీదే పరీక్షించవచ్చు. ఆయన ప్రయోగంలో ఒకే ప్రశ్న రెండుసార్లు వస్తుంది, ఆకారం మార్చకముందు ఒకసారి, మార్చాక ఒకసారి. పెద్దవాళ్ళు అడిగిందే మళ్ళీ అడుగుతున్నారంటే మొదట చెప్పింది తప్పయి ఉంటుందని పిల్లలు అనుకోరా? 1974లో రోజ్‌, బ్లాంక్‌ అనే పరిశోధకులు మార్చాక ఒక్కసారే అడిగి చూస్తే ఆరేళ్ళవాళ్ళ జవాబులు మెరుగుపడ్డాయి. అదే కాలంలో స్కాట్లాండ్‌లో మెక్‌గారిగల్‌, మార్గరెట్‌ డొనాల్డ్‌సన్‌ వరసను పెద్దవాళ్ళు జరపకుండా ఒక అల్లరి టెడ్డీ బొమ్మ వచ్చి చెరిపేసినట్టు ఆడించారు. అప్పుడు మామూలు పద్ధతిలో కంటే ఎక్కువమంది పిల్లలు సమానమేనన్నారు. అంతకుముందే 1960ల్లో పెట్రీషియా గ్రీన్‌ఫీల్డ్‌ సెనెగల్‌లో వోలోఫ్‌ పిల్లలతో పనిచేసినప్పుడు, బడికి వెళ్ళని పిల్లలకు నీళ్ళు స్వయంగా పోసుకునే అవకాశమిస్తే ఫలితం బాగా మారింది. నీళ్ళు పోసే పెద్దమనిషిలో ఏదో శక్తి ఉందనుకున్న పిల్లలు, తమ చేతిలో అలాంటి శక్తి ఉందనుకోలేదు.

మా విద్యార్థిని కొన్ని రోజులాగి పాప చేతే నీళ్ళు పోయించింది. "సమానమే, నేనే పోశాగా, కింద కూడా పడలేదు" అంది పాప. దీంతో పియాజె తప్పని తేలిపోయిందా? తేలదు. మొదటిసారి చేసిన అనుభవం పనిచేసి ఉండవచ్చు. ఒక్క పాప మీద, ఒక క్రమంలో చేసినదాంట్లో ఏది ఏ కారణం వల్లనో విడదీయలేం. కానీ మొదటిరోజు జవాబు పాప ఆలోచన మొత్తానికి కొలత కాదని మాత్రం గట్టిగా చెప్పవచ్చు. జవాబు పత్రంలో ఈ రెండూ ఉండాలి.

మిగతా దశా సిద్ధాంతాలకు ఇదే ప్రశ్న ఇచ్చినప్పుడు ఇబ్బంది వేరుగా ఉంటుంది. కోల్‌బర్గ్‌ 1958లో పూర్తిచేసిన పరిశోధన 10 నుంచి 16 ఏళ్ళ అబ్బాయిలతో చేసింది. భార్య ప్రాణం కోసం మందు దొంగిలించిన హైంజ్‌ కథ ఆరేళ్ళ పాపకు చెప్పి నైతిక దశ రాయడం కుదిరే పని కాదు. పెద్ద పిల్లలకు చెప్పినప్పుడు కూడా దొంగిలించాలా వద్దా అన్న జవాబును బట్టి దశ రాయకూడదు. జైల్లో పెడతారు కాబట్టి వద్దన్న అబ్బాయీ, చట్టం తప్పితే సమాజం నిలవదు కాబట్టి వద్దన్న అబ్బాయీ ఒకే దశలో లేరు. ఇక ఎరిక్సన్‌ చెప్పిన శ్రమశీలత, న్యూనతా భావం లాంటివి ఒక పూట ప్రయోగంలో దొరకవు. మొదలుపెట్టిన పని చెడిపోతే పాప మళ్ళీ కూర్చుంటుందా, దాచేస్తుందా, నాకు రాదని లేచిపోతుందా అని వారాల తరబడి, బడిలోనూ ఇంట్లోనూ చూడాలి. అంత చూడకుండా రాసినదాన్ని నేను ఆధారంగా తీసుకోను.

పాప ఇంట్లోవాళ్ళకు ఏం చెప్పాలన్నది కూడా విద్యార్థులు ముందే అనుకోవాలి. ఫలితాన్ని తెలివికి మార్కులుగా చెప్పకూడదు. పిండి ఎక్కువనడం వెనకబాటు కాదు, ఆ వయసులో ఎంతోమంది అంటారు. పాపకు విసుగొస్తే అక్కడితో ఆపేయాలి. నోటు పుస్తకంలో తేదీ, పాప వయసు నెలలతో సహా, అడిగిన ప్రశ్న అడిగినట్టే, పాప మాట పాప అన్నట్టే రాసుకోవాలి. ఆరు నెలల తర్వాత అవే గ్లాసులు, అదే కొలత పిండి తీసుకుని మళ్ళీ అడిగినప్పుడు, పాప చెప్పే కారణంలో ఏం మారిందో పోల్చుకోవడానికి ఆ రాత తప్ప వేరే ఆధారం ఉండదు.