జూలై 4 శనివారం వస్తే మీ సెలవు ఎన్ని రోజులు?

ఇండియా ప్రయాణం అనుకోగానే మనం ముందు టికెట్ ధర చూస్తాం, తర్వాత పిల్లల స్కూలు తేదీలు చూస్తాం. ఆఫీసులో ఎన్ని రోజులు సెలవు పెట్టాలన్నది మాత్రం క్యాలెండర్ మీద వేలు పెట్టి లెక్కపెట్టేస్తాం. నెల రోజుల ప్రయాణంలో అలా లెక్కపెడితే ఒక రోజు అటూ ఇటూ అవడం చాలా తేలిక. సెలవు సరిగ్గా సరిపోయేంతే ఉన్నప్పుడు ఆ ఒక్క రోజూ జీతంలోంచి పోతుంది, లేదంటే అమ్మ దగ్గర ఉండే రోజుల్లోంచి పోతుంది.

మా అమ్మకు గుంటూరులో మోకాలి ఆపరేషన్. ఇంటికి తీసుకొచ్చాక ఆవిడ నాలుగడుగులు వేసేదాకా పక్కన ఉండాలని నా ఆశ. నేనుండేది అమెరికాలో, నాకు మిగిలిన సెలవు 18 రోజులు. 2026 జూన్ 13 శనివారం బయల్దేరి జూలై 12 ఆదివారం తిరిగి రావాలనుకున్నాను. అంటే ఆఫీసుకు వెళ్లని మొదటి రోజు జూన్ 15 సోమవారం, చివరి రోజు జూలై 10 శుక్రవారం. ఇది 18 రోజుల్లో సరిపోతుందా?

ఎక్సెల్‌లోనూ గూగుల్ షీట్స్‌లోనూ దీనికి ఒకే ఫార్ములా ఉంది. A2 గడిలో మొదటి తేదీ, B2లో చివరి తేదీ, D2 నుంచి D12 దాకా ఆఫీసు సెలవుల తేదీలు రాసుకోండి. మా ఆఫీసు ఫెడరల్ సెలవులన్నీ ఇస్తుంది, అవి ఏడాదికి 11 కాబట్టి 11 గడులు సరిపోతాయి. తర్వాత ఖాళీ గడిలో ఇలా రాయాలి:

```
=NETWORKDAYS(A2,B2,$D$2:$D$12)
```

ఇది రెండు తేదీల మధ్య శని, ఆదివారాలను వదిలేసి, మన జాబితాలోని సెలవులను కూడా తీసేసి, మిగిలిన రోజులు చెబుతుంది. డాలరు గుర్తులు ఎందుకంటే, రెండో ప్రయాణం తేదీలు కింది వరుసలో రాసి ఫార్ములాను కిందికి లాగినప్పుడు సెలవుల జాబితా జరిగిపోకుండా అక్కడే ఉండడానికి. మొదటి తేదీ, చివరి తేదీ రెండూ లెక్కలోకి వస్తాయి. అందుకే B2లో తిరిగి ఆఫీసుకు వెళ్లే జూలై 13 కాకుండా, సెలవులో ఉన్న చివరి రోజు జూలై 10 రాయాలి.

ఇక్కడే అసలు సంగతి ఉంది. శని, ఆదివారాల సంగతి ఫార్ములాకు తెలుసు గానీ ఏ రోజు సెలవో దానికి బొత్తిగా తెలియదు. మనం రాసిందే దానికి లోకం. 2026లో జూలై 4 శనివారం వచ్చింది. ఫెడరల్ సెలవు శనివారం పడితే దాన్ని ముందు రోజు శుక్రవారం ఇస్తారు, ఆదివారం పడితే మర్నాడు సోమవారం ఇస్తారు. కాబట్టి నిజంగా ఆఫీసు మూసేది జూలై 3న. జాబితాలో జూలై 4 అని రాస్తే ఫార్ములా ఆ రోజును ఎలాగూ శనివారమని ఎప్పుడో వదిలేసింది, కొత్తగా తీసేదేమీ ఉండదు. జవాబు 19 వస్తుంది. జూలై 3 అని రాస్తే 18 వస్తుంది.

చేత్తో సరిచూద్దాం. జూన్ 15 నుంచి జూలై 10 దాకా సరిగ్గా నాలుగు పని వారాలు, అంటే 20 రోజులు. అందులో జూన్ 19 జూన్‌టీన్త్ శుక్రవారమే వచ్చింది, అది ఒకటి. జూలై 3 ఇంకొకటి. మిగిలింది 18. నాకున్న సెలవుకు సరిగ్గా సరిపోయింది. 19 అన్న జవాబునే నమ్మి ఉంటే ఒక రోజు ముందే తిరుగు టికెట్ తీసుకోవాల్సి వచ్చేది. అయితే అన్ని ప్రైవేటు కంపెనీలూ ఈ పద్ధతి పాటించవు. శనివారం పడిన సెలవును కొన్ని శుక్రవారం ఇస్తాయి, కొన్ని అసలు ఇవ్వవు. అందుకని గోడ క్యాలెండర్ చూసి కాదు, మీ ఆఫీసు పంపిన సెలవుల జాబితా చూసే రాసుకోండి.

రెండో చిక్కు తేదీ రాసే తీరులో ఉంది. చిన్నప్పటి నుంచి మనం రోజు ముందు, నెల తర్వాత రాస్తాం. అమెరికా పద్ధతిలో ఉన్న షీట్‌లో 03/07/2026 అని కొడితే అది జూలై 3 కాదు, మార్చి 7 అయిపోతుంది. ఏ తప్పూ చూపించదు, ఆ సెలవు మాత్రం లెక్కలోకి రాదు. అదే 19/06/2026 అని కొడితే 19వ నెల లేదు కాబట్టి షీట్ దాన్ని తేదీగా కాక మామూలు అక్షరాలుగా తీసుకుంటుంది. అప్పుడు ఫార్ములా `#VALUE!` చూపిస్తుంది. ఇది నయం, కనీసం తప్పని తెలుస్తుంది. మొదటిదాన్ని పట్టుకోవాలంటే పక్క గడిలో వారం పేరు రప్పించుకోవడమే మంచి దారి:

```
=TEXT(D2,"ddd")
```

దీన్ని కిందికి లాగితే ప్రతి సెలవు ఏ వారమో కనిపిస్తుంది. Sat అనో Sun అనో వచ్చిందంటే తేదీ తిరగబడి ఉండాలి, లేదా ఆఫీసు ఆ సెలవును వేరే రోజు ఇస్తూ ఉండాలి.

తిరిగి ఎప్పుడు చేరాలో తెలియాలంటే ప్రశ్నను తిప్పి అడగవచ్చు. జూన్ 15 నుంచి 18 రోజుల సెలవు పెడితే ఆఫీసుకు వెళ్లే రోజేది?

```
=WORKDAY(A2,18,$D$2:$D$12)
```

ఇది జూలై 13 అని చెబుతుంది. WORKDAY మొదటి రోజును లెక్కించదు, మర్నాటి నుంచి మొదలుపెడుతుంది. అందుకే చివరి సెలవు రోజు కాకుండా నేరుగా తిరిగి చేరే రోజు వస్తుంది. జవాబు అంకెలా కనిపిస్తే ఆ గడి ఫార్మాట్‌ను తేదీగా మార్చండి.

గల్ఫ్‌లో ఉన్నవారు పై ఫార్ములాను యథాతథంగా వాడకూడదు. కువైట్‌లో వారాంతం శుక్ర, శనివారాలు. అక్కడి స్నేహితురాలు జూన్ 14 ఆదివారం నుంచి జూలై 9 గురువారం దాకా సెలవు పెడితే, పండుగలు తీయకముందు అవి 20 పని రోజులు. మామూలు NETWORKDAYS 19 అంటుంది, ఎందుకంటే ఆదివారం ఆమెకు పని రోజని దానికి తెలియదు. వారాంతం మనమే చెప్పే ఫార్ములా వేరే ఉంది:

```
=NETWORKDAYS.INTL(A2,B2,7,$D$2:$D$12)
```

ఇందులో 7 అంటే శుక్ర, శనివారాలు. శుక్రవారం ఒక్కటే సెలవైతే 16, ఆదివారం ఒక్కటే అయితే 11. 2022 నుంచి శని, ఆదివారాలకు మారిన దుబాయ్ ఆఫీసుల్లో ఉన్నవారు 1 రాయాలి. షార్జా ప్రభుత్వ ఉద్యోగుల్లా శుక్ర, శని, ఆది మూడూ సెలవైతే అంకెకు బదులు `"0000111"` రాయాలి. ఇది సోమవారంతో మొదలవుతుంది, 1 ఉన్న రోజు సెలవు. నెలవంకను బట్టి తేలే పండుగలకు అంచనా తేదీ రాసి పెట్టుకుని, ప్రకటన వచ్చాక ఆ ఒక్క గడి మారిస్తే చాలు, లెక్క తనంతట తానే మారుతుంది.

ఇవన్నీ చేసేముందు మీ ఒప్పందంలో ఒక మాట చూడండి. గల్ఫ్ ఉద్యోగాల్లో ఏడాదికి 30 రోజుల సెలవని రాస్తే అవి చాలాచోట్ల వారాంతాలతో కలిపిన క్యాలెండర్ రోజులు. అలాగైతే ఈ ఫార్ములాలేవీ పనికిరావు. చివరి తేదీలోంచి మొదటి తేదీ తీసి ఒకటి కలపాలి:

```
=B2-A2+1
```

నా తేదీలకు ఇది 26 చూపిస్తుంది. అదే ప్రయాణం ఒకరికి 18 రోజులు, ఇంకొకరికి 26. మీది ఏ లెక్కో తెలుసుకున్నాకే టికెట్ కొనండి.