మొదటి సరుకుకే కట్టేయని పేరు

స్టార్టప్ మొదట అమ్మిన సరుకుతోనే చివరిదాకా సాగుతుందన్న భరోసా లేదు. 2008లో ఢిల్లీలో రెస్టారెంట్ల మెనూలతో మొదలైన ‘ఫుడీబే’ సంగతే చూడవచ్చు. ఆ పేరు తిండికే పరిమితం. పైగా చివర ‘ఈబే’ అన్న ధ్వని ఉంది. 2010లో అది ‘జొమాటో’ అయింది. తర్వాత ఆహార డెలివరీతో ఆ పేరు ఎంతగా పెనవేసుకుందంటే, కిరాణా డెలివరీ చేసే బ్లింకిట్ కూడా చేరాక, 2025లో మాతృసంస్థకు ‘ఎటర్నల్’ అని పేరు మార్చారు. యాప్ మాత్రం జొమాటోగానే మిగిలింది.

ఇందులోనే ఉపాయం ఉంది. కంపెనీని తటస్థమైన పేరుతో రిజిస్టర్ చేసి, సరుకుకు విడిగా బ్రాండు పెట్టుకుంటే, దారి మారినప్పుడు బ్రాండు ఒక్కటే మారుతుంది. కంపెనీ పేరే మార్చాలంటే వాటాదారుల ప్రత్యేక తీర్మానం, ప్రభుత్వ ఆమోదం కావాలి. ఆపై పాన్, జీఎస్టీ, బ్యాంకు ఖాతా, ఒప్పందాలన్నీ సవరించాలి.

సరుకును వర్ణించే పేరుకు ట్రేడ్‌మార్క్ దొరకడమూ కష్టమే. అయితే తటస్థమైన పేరు విన్నవారికి వ్యాపారమేమిటో తెలియదు. ఆ లోటును పేరు కింద రాసే ఒక్క వాక్యం తీరుస్తుంది. దాన్ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు.