ఒక్క బొమ్మకు 16 ఎంబీలా?

బీజీఎంఐ ఆటను ఫోన్‌లో మొదటిసారి తెరవగానే ఒక ప్రశ్న ఎదురవుతుంది: మామూలు ఫోన్లకు సరిపోయే చిన్న రిసోర్స్ ప్యాక్ కావాలా, హెచ్‌డీ ప్యాక్ కావాలా? ప్లే స్టోర్ నుంచి అప్పటికే వందల ఎంబీలు దిగి ఉంటాయి, మళ్లీ ఇదేం డౌన్‌లోడ్ అని ఆడేవాడు విసుక్కుంటాడు. అంతటితో అయిపోదు. మిరామార్ లాంటి మ్యాపులో ఆడాలంటే దాన్ని మళ్లీ విడిగా దించుకోవాలి. ఇలా విడతలు విడతలుగా ఇవ్వడం వెనుక ఆట తయారుచేసేవాళ్లకు ఒక పాత భయం ఉంది. స్టోర్‌లో కనిపించే సైజు చూసి జనం ఇన్‌స్టాల్ బటన్ దగ్గరే ఆగిపోతారు. యాప్ సైజు 6 ఎంబీ పెరిగిన ప్రతిసారీ ఇన్‌స్టాల్ చేసుకునేవారి శాతం ఒకటి చొప్పున తగ్గుతోందని గూగుల్ 2017లో లెక్కచెప్పింది.

ఇంతకీ ఆ ఎంబీలన్నీ దేనివి? చాలామంది ఆట కోడ్‌దేమో అనుకుంటారు. నిజానికి త్రీడీ ఆటల్లో అన్నిటికన్నా ఎక్కువ చోటు తినేవి సాధారణంగా టెక్స్‌చర్లు, అంటే గోడలకు, రోడ్లకు, బండ్లకు, మనుషుల ముఖాలకు పైన అతికించే బొమ్మలు. సైజు తగ్గించే పని ఎక్కడ మొదలుపెట్టాలో అక్కడే తేలిపోతుంది. కానీ చాలా బృందాలు ముందుగా చేసేది ఆటను ముక్కలు చేయడం. ముక్కలు చేస్తే మొదటి డౌన్‌లోడ్ చిన్నదిగా కనిపిస్తుంది, మొత్తం బరువు మాత్రం అలాగే ఉంటుంది. ఏది ముందు చేస్తే ఎంత లాభమో ఒక ఆటను ఊహించుకుని లెక్కేద్దాం.

హైదరాబాద్ నుంచి విజయవాడకు బస్సు నడిపే ఆట అనుకుందాం. దారిలో సూర్యాపేట, నందిగామ వస్తాయి. మొత్తం నాలుగు ఊళ్లు. ఆటలో 60 టెక్స్‌చర్ షీట్లున్నాయి, ఒక్కోటి 2048 అడ్డం, 2048 నిలువు పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పారదర్శకత కలిపి 4 బైట్లు కావాలి. గుణిస్తే ఒక్క షీటు 16 ఎంబీ. అరవై షీట్లకు 960 ఎంబీ.

ఇక్కడ కొత్తగా వచ్చిన ఆర్టిస్టుకు ఒక సందేహం వస్తుంది. ఈ బొమ్మ నా కంప్యూటర్‌లో పీఎన్‌జీ ఫైలుగా 3 ఎంబీయే ఉంది, 16 ఎక్కడిది అని. ఫోన్‌లోని గ్రాఫిక్స్ చిప్ పీఎన్‌జీని, జేపెగ్‌ను నేరుగా చదవలేదు. వాటిలో ఫలానా పిక్సెల్ ఎక్కడుందో తెలియాలంటే ఫైలును మొదటినుంచీ విప్పుకుంటూ రావాలి. చిప్‌కు అంత తీరిక ఉండదు. బస్సు మలుపు తిరిగే ప్రతి క్షణంలోనూ బొమ్మలో ఏ మూలనున్న రంగైనా వెంటనే అందాలి. సినిమా హాల్లో సీటు నంబరు చూసి సరాసరి వెళ్లి కూర్చున్నట్టు, చిరునామా లెక్కకట్టి నేరుగా ఆ చోటికి వెళ్లగలగాలి. అందుకే యూనిటీ లాంటి ఇంజన్లు ఆర్టిస్టు ఇచ్చిన ఫైలును పక్కనపెట్టి, చిప్‌కు అర్థమయ్యే రూపంలోకి బొమ్మను మళ్లీ మారుస్తాయి. పీఎన్‌జీని ఎంత పిండి చిన్నది చేసినా ఆట సైజు తగ్గకపోవడానికి కారణం ఇదే. ఈ ఒక్క సంగతి తెలియక పోగొట్టుకునే రోజులు ఈ రంగంలో తక్కువేమీ కాదు.

చిప్‌కు అర్థమయ్యే ఆ రూపాల్లో ఆండ్రాయిడ్ వైపు ఇప్పుడు ముఖ్యమైనవి రెండు. ఒకటి ఈటీసీ2. మరొకటి ఏఎస్‌టీసీ. చిప్‌ల నమూనాలు గీసే ఆర్మ్ సంస్థ ముందుండి తయారుచేసిన ఈ రెండోది 2012లో ప్రమాణంగా వచ్చింది. రెండూ బొమ్మను చిన్న చిన్న గడులుగా కోస్తాయి. ఏఎస్‌టీసీలో ఏ గడికైనా 16 బైట్లే. గడి ఎంత పెద్దదన్నది మాత్రం తయారుచేసేవారి ఇష్టం. 4×4 పిక్సెళ్ల గడి ఎంచుకుంటే షీటు 4 ఎంబీకి దిగుతుంది. 6×6 ఎంచుకుంటే సుమారు 1.8, 8×8 అయితే ఒకే ఒక్క ఎంబీ. గడి పెద్దదయ్యేకొద్దీ అవే 16 బైట్లు ఎక్కువ పిక్సెళ్లకు పంచాలి కాబట్టి నాణ్యత పలచబడుతుంది.

అలాగని అన్నిటికీ 8×8 పెట్టేస్తే ఆట పాడవుతుంది. తారు రోడ్డు, పొలం మట్టి, దూరపు కొండలు ఆ నష్టాన్ని దాచేసుకుంటాయి. వాటిలో ఉన్నదే గరుకుతనం కదా. మెనూ బటన్లు, బొమ్మగా గీసిన అక్షరాలు మాత్రం దాచుకోలేవు. అందులోనూ తెలుగు అక్షరాలు. బస్సు ముందు బోర్డు మీద ‘సూర్యాపేట’ అని రాస్తే, ‘ర్యా’ కింది యావత్తు నాలుగైదు పిక్సెళ్ల మందం గీత. పెద్ద గడిలో దాని అంచు చుట్టూ ఉన్న రంగుతో కలిసిపోయి మురికి పట్టినట్టు కనబడుతుంది. సాయంత్రపు ఆకాశంలో నారింజ నుంచి ఊదాకు మెల్లగా మారాల్సిన రంగు మెట్లు మెట్లుగా విరుగుతుంది. ఇవి కంప్యూటర్ తెర మీద చూస్తే పట్టుబడకపోవచ్చు. ఫోన్‌లో, ఆట నడుస్తుండగా చూసుకోవాల్సిందే.

కాబట్టి మన బస్సు ఆటలో మెనూలు, బోర్డులున్న 12 షీట్లకు 4×4 పెడదాం: 48 ఎంబీ. బండ్లు, ఇళ్లు, మనుషులు ఉన్న 30 షీట్లకు 6×6: 54. నేల, ఆకాశం ఉన్న 18 షీట్లకు 8×8: 18. ఇంకొకటి కలపాలి. త్రీడీలో దూరంగా ఉన్న వస్తువుల కోసం ఒక్కో బొమ్మకూ సగం, పావు, అలా చిన్న చిన్న నకళ్లు ముందే తయారుచేసి పెడతారు. వాటిని మిప్‌మ్యాపులంటారు. వాటివల్ల మరో మూడోవంతు బరువు చేరుతుంది. తెర మీద ఎప్పుడూ ఒకే సైజులో కనిపించే మెనూ షీట్లకు అవి అక్కర్లేదు. బోర్డులను కూడా వాటిలాగే ఒకే దూరం నుంచి చూపిస్తున్నామనుకుందాం. అప్పుడు మిగిలిన 72 ఎంబీకే మూడోవంతు కలిపితే 96 అవుతుంది. మొత్తం 144 ఎంబీ.

ఇదే ఆటను పారదర్శకతతో కూడిన ఈటీసీ2లో చేస్తే ప్రతి షీటూ 4 ఎంబీయే. గడి సైజు మార్చుకునే వీలు అందులో లేదు. మిప్‌మ్యాపులతో కలిపి లెక్క 304 దగ్గర తేలుతుంది. అంటే ఒక్క ముక్క కూడా విడదీయకుండానే 160 ఎంబీ మిగిలింది.

మరి పాత ఫోన్ల సంగతి? ఏఎస్‌టీసీ తెలియని చిప్‌లున్న ఫోన్లు ఇంకా వాడుకలో ఉన్నాయి. అలాంటి ఫోన్‌కు ఆ రూపంలోని బొమ్మ ఇస్తే యూనిటీ దాన్ని అక్కడికక్కడే విప్పి, మళ్లీ 16 ఎంబీగా మెమరీలో పెడుతుంది. ఆట తెరుచుకోవడానికి చాలాసేపు పడుతుంది, ఒక్కోసారి మధ్యలో మూతపడుతుంది. ‘నా ఫోన్‌లో మాత్రమే క్రాష్ అవుతోంది’ అనే రివ్యూలు చవక ఫోన్ల నుంచే గుంపుగా వస్తుంటే ముందు అనుమానించాల్సిన వాటిలో ఇదొకటి. అందుకని రెండు రూపాలూ తయారుచేసి స్టోర్‌కు ఇస్తారు. ఫోల్డర్ పేరు చివర `#tcf_astc` అని ఒకదానికి, `#tcf_etc2` అని ఇంకోదానికి తగిలిస్తే చాలు, ఏ ఫోన్‌కు ఏది తగినదో చూసి ప్లే స్టోర్ ఆ ఒక్కటే పంపుతుంది. దీనివల్ల ఒక వింత జరుగుతుంది. చోటు తక్కువున్న పాత ఫోన్‌కే పెద్ద డౌన్‌లోడ్ వెళ్తుంది. దానికి విరుగుడుగా ఈటీసీ2 ప్యాక్‌లో పారదర్శకత అక్కర్లేని షీట్లను అది లేకుండా చేస్తారు. అప్పుడు షీటు 2 ఎంబీకి వస్తుంది.

ఇక ముక్కలు చేయడం. 2012లో గూగుల్ యాప్ ఫైలుకు తోడుగా రెండు పెద్ద ఫైళ్లను అనుమతించింది. ఓబీబీ ఫైళ్లంటే పాత ఆటగాళ్లకు గుర్తుండే ఉంటుంది. 2021 ఆగస్టు నుంచి కొత్త ఆటలన్నీ యాప్ బండిల్ రూపంలోనే ఇవ్వాలి. అందులో బొమ్మలు, శబ్దాలు ప్యాకులుగా వెళ్తాయి, ఒక్కో ప్యాక్ ఎప్పుడు దిగాలో ముందే చెప్పాలి. ఆటతోపాటే దిగేది ఒక రకం. ఇన్‌స్టాల్ అవగానే, ఆట తెరవకపోయినా దానంతటదే దిగడం మొదలుపెట్టేది రెండో రకం. ఆట అడిగినప్పుడే దిగేది మూడోది.

మన ఆటలో 144 ఎంబీ కాక కోడ్ 30, శబ్దాలు 30, త్రీడీ ఆకారాలు 20 ఉన్నాయనుకుంటే మొత్తం 224. ఊళ్ల 96 ఎంబీలో బస్సు, రోడ్డు, ఆకాశం లాంటి ఉమ్మడి సామగ్రి 24, ఒక్కో ఊరికి 18. హైదరాబాద్ మాత్రమే మొదట ఇచ్చి, సూర్యాపేటను రెండో రకంగా, మిగతా రెంటినీ అడిగినప్పుడు ఇచ్చే రకంగా పెడితే మొదటి డౌన్‌లోడ్ 170కి తగ్గుతుంది. తగ్గింది 54. ముందు కంప్రెషన్‌తో తగ్గిన 160 ముందు ఇది చిన్నదే.

ఆ 54ని కూడా ఒక చిన్న అజాగ్రత్త మింగేయగలదు. యూనిటీలో ఒక్కో ఊరి సామగ్రిని అసెట్ బండిల్ అనే మూటగా కడతారు. సూర్యాపేట మూటలోని సీను బస్సు టెక్స్‌చర్‌ను వాడుకుంటుంది, కానీ ఆ టెక్స్‌చర్ ఏ మూటలో ఉండాలో ఎవరూ చెప్పలేదు. అప్పుడు ఇంజన్ ఏ ఫిర్యాదూ చేయదు. దాని నకలును ఆ మూటలో పెట్టేస్తుంది. నందిగామ మూటలో ఇంకోటి. విజయవాడ మూటలో మరొకటి. ఉమ్మడి 24 ఎంబీ నాలుగుసార్లు చేరి 96 అవుతుంది. మొదటి డౌన్‌లోడ్ 170గానే కనబడుతుంది కాబట్టి బృందానికి అనుమానమే రాదు. తర్వాతి ఊళ్లు మాత్రం 18కి బదులు ఒక్కోటి 42 ఎంబీ దిగుతాయి. మొత్తం 296. రెండు ఊళ్లు ఒకేసారి మెమరీలో ఉంటే ఒకే బస్సు బొమ్మ రెండుసార్లు అక్కడ కూర్చుంటుంది. యూనిటీలోని అడ్రసబుల్స్ వాడేవారికి దీన్ని పట్టిచ్చే సాధనం ఉంది. `Check Duplicate Bundle Dependencies` అనే పరీక్ష నడిపితే ఏది ఎన్ని మూటల్లో దూరిందో జాబితా ఇస్తుంది. ఉమ్మడివాటికి విడిగా ఒక మూట కట్టి, దాన్ని ఆటతోపాటే పంపితే సరి.

మూడో రకం ప్యాక్‌ను ఎప్పుడు అడగాలన్నది సాంకేతిక ప్రశ్నకన్నా ఎక్కువ. బస్సు నందిగామ పొలిమేరకు వచ్చాక అడిగితే ఆట ఆగిపోయి గీత నిండటం చూస్తూ కూర్చోవాలి. సూర్యాపేట దాటకముందే అడగాలి. సిగ్నల్ పోతే, ఫోన్‌లో చోటు చాలకపోతే ఏం చూపించాలో కూడా ముందే రాసుకోవాలి. అది రాయని ఆటలు ఖాళీ తెర దగ్గర నిలబడిపోతాయి.

ఇంత చేశాక అసలు సైజు ఎంతో తెలుసుకోవడానికి స్టూడియోలో తయారైన `.aab` ఫైలును చూడకూడదు. అందులో రెండు రూపాల టెక్స్‌చర్లు, అన్ని ప్రాసెసర్లకూ కోడ్ కలిసి ఉంటాయి. అంత బరువు ఏ ఫోన్‌కూ వెళ్లదు. గూగుల్ ఇచ్చే బండిల్‌టూల్‌తో ఇలా అడగాలి:

```
bundletool build-apks --bundle=bus.aab --output=bus.apks
bundletool get-size total --apks=bus.apks
```

జవాబుగా రెండు అంకెలు వస్తాయి, అన్నిటికన్నా చిన్న డౌన్‌లోడ్ ఒకటి, పెద్దది ఒకటి, రెండూ బైట్లలో. పెద్ద అంకె అనుకున్నదానికన్నా బాగా ఎక్కువగా ఉంటే, వెతకడం ఈటీసీ2 ప్యాక్ నుంచి మొదలుపెట్టాలి. అక్కడా ఏమీ దొరక్కపోతే ప్రాజెక్టులో `Resources` అనే ఫోల్డర్ ఉందేమో చూడాలి. అందులో పెట్టిన ప్రతిదాన్నీ, ఆట వాడినా వాడకపోయినా, యూనిటీ మొదటి డౌన్‌లోడ్‌లోనే కలిపేస్తుంది. ఎప్పుడో ప్రయోగానికి తెచ్చి మరిచిపోయిన లారీ బొమ్మలు అక్కడే దొరుకుతుంటాయి.