తోడును తినేసే సూక్ష్మజీవి

పాలు మంచివే. 90 డిగ్రీల దాకా కాచి, 43 డిగ్రీలకు చల్లార్చి, రోజూ వేసే కల్చర్‌నే తోడుగా వేశారు. నాలుగైదు గంటల్లో గట్టి పెరుగు కావాలి. కానీ ఆరు గంటలు దాటినా 200 లీటర్ల తొట్టిలో పాలు పలచగానే ఉన్నాయి. పుల్లదనం మొదట కొంచెం పెరిగి, అక్కడే ఆగిపోయింది. నిన్నటిదాకా ఏ ఇబ్బందీ లేదు. చిన్న డెయిరీకి ఇలాంటి రోజు వస్తే ముందు పాలు పోసిన రైతు మీద, తర్వాత తోడు పెట్టిన పనివాడి మీద అనుమానం వస్తుంది. చాలాసార్లు అసలు దోషి ఫేజ్, అంటే బ్యాక్టీరియాకు పట్టే వైరస్.

ఫేజ్ మనుషులకు హాని చేయదు. తోడులోని బ్యాక్టీరియాకు అతుక్కుని లోపలికి చొరబడి, తన పిల్లల్ని పుట్టించి, దాన్ని పగలగొట్టుకుని బయటికొస్తుంది. ఒక్కో విడతకు వంద పుడతాయనుకుంటే మూడు విడతల్లో ఒకటి పది లక్షలవుతుంది. ఆ మూడు విడతల్లో బ్యాక్టీరియా ఒకటికి రెండు చొప్పున పెరిగి ఎనిమిదే అవుతుంది. అందుకే నిన్న కనిపించని ముప్పు ఇవాళ తొట్టినే ముంచేస్తుంది.

పాలలో పశువుకు వాడిన యాంటీబయాటిక్ ఉన్నా పెరుగు తోడుకోదు. తేడా తెలియాలంటే చెడిన తొట్టిలోని పాలను విరగ్గొట్టి, తేటను 0.45 మైక్రాన్ ఫిల్టర్‌తో వడపోయాలి. బ్యాక్టీరియా ఆగిపోతుంది, ఫేజ్ దాటిపోతుంది. కాచి చల్లార్చిన మంచి పాలు మూడు గ్లాసుల్లో తీసుకోండి. మొదటిదాంట్లో రోజూ వాడే కల్చర్ మాత్రమే, రెండోదాంట్లో అదే కల్చర్‌తో పాటు కొద్దిగా ఆ తేట, మూడోదాంట్లో వేరే కల్చర్‌తో పాటు అంతే తేట వేయండి. మొదటిదీ మూడోదీ తోడుకుని, రెండోది తోడుకోకపోతే అది ఫేజ్ పనే.

1935లో న్యూజిలాండ్‌లో వైట్‌హెడ్, కాక్స్ అనే శాస్త్రవేత్తలు చీజ్ తోడు చచ్చిపోవడానికి ఫేజే కారణమని గుర్తించారు. ప్రతి ఫేజ్‌కూ కొన్ని రకాల బ్యాక్టీరియా మీదే పట్టుంటుంది. కల్చర్లను మార్చి మార్చి వాడే పద్ధతికి ఆధారం ఇదే. సోమవారం ఒకటి, మంగళవారం రెండోది, బుధవారం మూడోది వాడితే, మొదటిదాన్ని పట్టే ఫేజ్‌కు మధ్యలో రెండు రోజులు తిండి దొరకదు. ఈలోగా తొట్లు, పైపులు, కాలువలు క్లోరిన్‌తో కడిగితే దాని సంఖ్య పడిపోతుంది.

బ్రాండు మారిస్తే చాలదు. పేర్లు వేరైనా లోపలి బ్యాక్టీరియా ఒకే ఫేజ్‌కు లొంగేదైతే మార్పు వృథా. ఒకదాని ఫేజ్ మరోదాన్ని పట్టని కల్చర్ల వరస ఇమ్మని అమ్మేవాళ్లనే అడగాలి. నిన్నటి పెరుగునే ఇవాళ తోడుగా వేస్తే ఫేజ్‌నూ మోసుకొచ్చినట్టే. కడగడం మానేసి కల్చర్లు మాత్రం మారుస్తుంటే, మూడింటికీ మూడు ఫేజ్‌లు గదిలో పోగవుతాయి. ఈసారి పెరుగు తోడుకోకపోతే రైతును నిందించే ముందు మూడు గ్లాసులు పెట్టి చూడండి.