6.8 పక్కన ‘హెచ్’

“థైరాయిడ్ మీద ముఖచిత్ర కథనం, గురువారానికల్లా కావాలి” అన్నారు ఎడిటర్‌గారు. పోగేసిన కాగితాల్లో నన్ను కదలనివ్వనిది ఒక్క రిపోర్టే. విజయవాడలో ఉండే మా దూరపు బంధువుది, వయసు 42. టీఎస్‌హెచ్ 6.8, పక్కన లావుపాటి ‘హెచ్’. ఆ ల్యాబు పెట్టుకున్న పై హద్దు 4.5. కింది వరుసలో ఫ్రీ టీ4 1.2. దాని హద్దులు 0.8 నుంచి 1.8, అంటే నిక్షేపంగా ఉంది. ఇంట్లో ఆ వరుస ఎవరూ చదవలేదు.

టీఎస్‌హెచ్ థైరాయిడ్‌లో తయారయ్యేది కాదు. మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి “ఇంకాస్త పనిచెయ్యి” అంటూ థైరాయిడ్‌కి పంపే ఆదేశం. టీ4 కొంచెం తగ్గినా ఆదేశం చాలా రెట్లు పెరుగుతుంది. కాబట్టి 6.8 చూసి థైరాయిడ్ చతికిలబడిందనుకోవడం తొందరపాటే.

“పరీక్షకి ముందు ఒంట్లో బాగుందా అక్కా?” అనడిగాను.

“ఎక్కడిదిరా! జ్వరంతో ఆస్పత్రిలో ఉండి వచ్చి పది రోజులే. పనిలో పనని ప్యాకేజీ చేయించుకున్నా. తెల్లారి ఆరింటికే వచ్చి రక్తం తీసుకెళ్లారు.”

కిటుకు ఇక్కడే ఉంది. పెద్ద జబ్బు నుంచి కోలుకునేటప్పుడు టీఎస్‌హెచ్ కొన్నాళ్లు పైకెగసి తనే దిగుతుంది. పైగా అది రాత్రీ తెల్లవారుజామునా ఎక్కువగా, మధ్యాహ్నం తక్కువగా ఉంటుంది. మొదట చూసిన డాక్టరు థైరాయిడ్ మాత్ర రాసిచ్చినా, ఇంకో డాక్టరు ఆగమన్నారు. మూడు నెలల తర్వాత అదే ల్యాబులో, ఎనిమిదింటికి మళ్లీ పరీక్ష: టీఎస్‌హెచ్ 3.9, ఫ్రీ టీ4 1.2, యాంటీ టీపీఓ నెగెటివ్.

మొదటి రోజే మాత్ర వేసుకుని ఉంటే? అప్పుడూ అంకె దిగేది, ఘనత మాత్రకి దక్కేది. ఆపే ధైర్యం ఇక ఎవరికీ ఉండేది కాదు. నా అనుమానమంతా దీని మీదే.

1891లో ఇంగ్లండ్‌లో జార్జ్ ముర్రే గొర్రె థైరాయిడ్ సారంతో తీవ్రమైన జబ్బు మనిషిని నిలబెట్టాడు. నేడు అదే హార్మోను, కృత్రిమంగా చేసింది, జబ్బే లేనివారికీ అందుతోంది. 2017లో వెలువడిన ‘ట్రస్ట్’ అధ్యయనంలో 65 ఏళ్లు దాటిన 737 మందిలో కొందరికి అసలు మాత్ర, మిగతావారికి ఉత్త మాత్ర ఇచ్చారు. ఏడాది తర్వాత నీరసంలో తేడా కనిపించలేదు. అయితే టీఎస్‌హెచ్ 10 దాటినవారు అందులో కొద్దిమందే. మోతాదు మించితే గుండె లయ తప్పుతుంది, ఎముకలు పలచబడతాయి.

బాక్స్: ఎవరు ఆగకూడదు?

గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు వెంటనే డాక్టరుని కలవాలి. రెండో పరీక్షలోనూ టీఎస్‌హెచ్ 10, ఆపైన ఉంటే సాధారణంగా మందు మొదలుపెడతారు. ఫ్రీ టీ4 కూడా తగ్గితే చికిత్స కావాల్సిందే. యాంటీ టీపీఓ పాజిటివ్ అయితే ముందుముందు జబ్బు ముదిరే అవకాశం ఎక్కువ కనుక ఏటా పరీక్ష అవసరం. జుట్టు కోసం బయోటిన్ వాడేవారు ముందే చెప్పాలి. కొన్ని యంత్రాల్లో అది అంకెల్ని తారుమారు చేస్తుంది.

ఇప్పటికే మాత్ర వాడుతున్నవారు ఇది చదివి సొంతంగా ఆపేయకండి. మందు మొదలుపెట్టక ముందు తీసిన రిపోర్టు వెతికి పట్టుకెళ్లి మీ డాక్టరుకి చూపించండి.